రాహుకాలం దాటగానే పడిపోయే వోల్టేజీ

నా మాటలను చెరిపేయాలని చాలామంది చూశారు. సభలో మైకు లాక్కున్నవాళ్ళున్నారు. గోడకు అంటించిన కరపత్రాన్ని తడి ఆరకముందే చింపినవాళ్ళున్నారు. కానీ బొటనవేలితో ఒక్కసారి రుద్ది నా వ్యాసంలో ఒక పేరా మొత్తాన్ని మాయం చేసినవాడు మాత్రం మర్రిగూడ బస్టాండు దగ్గర చాయ్ అమ్మే ఆయనే. నేను ఆ ఉదయమే పంచిన కరపత్రం అది. రాహుకాలం వట్టి మూఢనమ్మకమని రాసింది. ఆయన చదువుతూ వేలు జరిపాడు, వేలు జరిగినంత మేర అక్షరాలు మసిలా లేచిపోయాయి.

"సారూ, మీ మాట గట్టిదంటరు గదా, రుద్దితే పోతాంది" అన్నాడు, నల్లబడ్డ వేలు నాకు చూపిస్తూ. బల్లమీద కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. రాహుకాలం మీద రాస్తే ఊరుకుంటదా అని ఇంకొకాయన తగిలించాడు.

ఆ కాగితాలు పట్టుకుని నేరుగా ప్రింటు కొట్టిన షాపుకు వెళ్ళాను. కోపంగానే వెళ్ళానని చెప్పాలి. గుమ్మంలో నిలబడేసరికి ఆ కోపం ఎటు పోయిందో తెలియదు. షాపు నడిపే ఆమె నేలమీద కూర్చుని, పాడైన కాగితాల కుప్పను ఒళ్ళో పెట్టుకుని, బాగున్నవి ఏవైనా ఉన్నాయేమోనని ఒక్కొక్కటే వేలితో రుద్ది చూస్తోంది. నా కరపత్రాలు కావవి. బడి పిల్లల ప్రశ్నపత్రాలు.

ఆమె గురించి ముందు చెప్పాలి. మా ప్రాంతపు నీళ్ళు ఎముకలను ఏం చేశాయో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. బోరు నీళ్ళలోని ఫ్లోరైడు చిన్నప్పుడే ఆమె మోకాళ్ళను వంచేసింది. నిలబడి పత్తి ఏరలేదు, వంగి కలుపు తీయలేదు. కూర్చుని చేసే పని కావాలి. అందుకే డిగ్రీ చదివింది, టైపు నేర్చుకుంది, పెళ్ళయి వచ్చాక మెయిన్ రోడ్డు మీద ఒక చిన్న గది కిరాయికి తీసుకుని ఒక కంప్యూటరు, ఒక లేజర్ ప్రింటరు పెట్టుకుంది. భర్త డ్రైవరు, వారానికోసారి ఇంటికొచ్చేవాడు. ఒక కూతురు, ఇంకా చిన్నది. షాపులో తోడుండేది అత్తమ్మ. పొద్దున తాళం తీసి ఊడ్చి నీళ్ళు చల్లేదీ, మధ్యాహ్నం గిన్నె తెచ్చేదీ, జనం ఎక్కువైతే వరసలో నిలబెట్టేదీ ఆవిడే.

మూడు కిలోమీటర్ల అవతల ఉన్న ఒక బడి ఆ షాపుకు ప్రాణం. ప్రతి నెలా పరీక్ష పేపర్లు అక్కడే కొట్టించేవాళ్ళు. ఆ పని నమ్మకం మీద నడిచేది. ప్రశ్నలు ముందే ఎవరికీ పొక్కవని హెడ్మాస్టరుకు ఆమె మీద గురి. కానీ రెండుసార్లు వరసగా పేపర్లు పాడయ్యాయి. ఒకసారి సగం పేజీకి ప్రింటు ఆగిపోయింది. ఇంకోసారి పరీక్ష రాసే పిల్లల చేతి చెమటకు లెక్కల్లోని అంకెలు చెరిగిపోయాయి. వార్షిక పరీక్షలకు ఇంకా నెలపైనే ఉంది. ఈసారి కూడా ఇట్లాగే అయితే పని నల్లగొండలో ఇచ్చుకుంటానని హెడ్మాస్టరు మర్యాదగానే చెప్పి వెళ్ళాడట. ఆ పని పోతే గది కిరాయి వెళ్ళదు. గది పోతే ఆమెకు ఈ ఊళ్ళో కూర్చుని చేసే పని ఇంకొకటి లేదు.

అత్తమ్మ అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఈ జాగాకు దోషముంది, గది వదిలేద్దాం అని. ఆవిడ చెడ్డది కాదు. కోడలు పడుతున్న తిప్పలు చూడలేక అన్న మాట అది. పైగా ఆవిడ దగ్గర ఒక ఆధారముంది. నాలాంటివాడు ఆధారమనే మాటకు ఆగక తప్పదు.

"రాహుకాలం అయిపోంగనే మిషిను పడిపోతాంది సారూ. బేస్తారమైతే మూడింటికి, సుక్కురారమైతే పన్నెండింటికి. రాహువు పోతా పోతా ఒక్క తన్ను తన్ని పోతాండు" అంది.

నేను నవ్వాను. మనుషులు కలిసినవే గుర్తుంచుకుని కలవనివి మరిచిపోతారని, దాన్నే మహిమ అంటారని ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. కోడలు తలెత్తి చూసింది.

"నేను గూడ గట్లనే అనుకున్న సారూ. కానీ నిజంగనే గదే టైముకు అయితాంది. మీరే వచ్చి కూసోండ్రి."

వెళ్ళి కూర్చున్నాను. బుధవారం ఒంటిగంటన్నర. ఎవరిదో దరఖాస్తు ప్రింటు అవుతోంది. ట్యూబులైటు ఒక్కసారి కన్ను మూసినట్టయింది, ఫ్యాను రెక్కలు కనబడేంత నెమ్మదించింది, ప్రింటరు మీది దీపాలన్నీ ఆరిపోయాయి. కొన్ని క్షణాలకు వెలుతురు మళ్ళీ వచ్చింది. ప్రింటరు తన లోపలి చక్రాలన్నీ తిప్పుకుంటూ కొత్తగా నిద్ర లేచింది. కాగితం సగం లోపల, సగం బయట. అంతటితో అయిపోలేదు. కంప్యూటరు తన దగ్గర మిగిలిన సమాచారాన్ని పంపుతూనే ఉంది. అప్పుడే లేచిన ప్రింటరుకు ఆ ముక్క దేనిదో అర్థం కాలేదు. పేజీ వెనక పేజీ పిచ్చి గుర్తులు కక్కింది. ఆమె అలవాటైన చేత్తో కంప్యూటరులో పని రద్దు చేసి, మెయిన్ ఆపి, లోపలి వేడి చల్లారేదాకా ఆగి, ఇరుక్కున్న కాగితాన్ని అది వచ్చే దారినే మెల్లగా లాగింది. ఎదురు లాగితే లోపలి రోలరు గీసుకుపోతుందని ఒకసారి నష్టపోయి నేర్చుకుందట.

గురువారం మూడింటికి అదే. శుక్రవారం పన్నెండింటికి అదే. శనివారం పదిన్నరకు అదే. మిగతా వేళల్లో దీపాలు మసకగా ఉంటాయే తప్ప ఇట్లా కూలబడవు. ఏళ్ళ తరబడి పంచాంగాన్ని సభల్లో ఉతికి ఆరేసిన నేను చాయ్ హోటలు గోడకున్న క్యాలెండరు ముందు నిలబడి రాహుకాలం పట్టిక చూశాను. సరిగ్గా సరిపోయింది. నా వెనక నవ్వు వినబడింది. సారు పంచాంగం చూస్తున్నడు అని ఎవరో అన్నారు. తిథి కూడా చెప్పమంటవా సారూ అని చాయ్ ఆయన అడిగాడు.

వాదంలో నాకు నేర్పిన పెద్దలు ఒక మాట పదేపదే చెప్పేవారు. రెండు విషయాలు ఎప్పుడూ కలిసి నడుస్తుంటే వాటిలో ఒకటి రెండోదానికి కారణమని తేల్చేయకు, రెంటినీ లాక్కుపోయే మూడోది ఎక్కడైనా ఉందేమో చూడు అని. ఈ మాట వేదిక మీద చెప్పడం సులువు. ఆ మూడోది ఎదురుగా కనబడనప్పుడు దాని మీదే నిలబడి ఉండటం కష్టం. ఆ వారం నాకది తెలిసింది.

ప్రింటరు పడిపోయేది వోల్టేజీ పడిపోవడం వల్లనే అన్నదాంట్లో మాకు అనుమానం లేదు. బాబాల గుట్టు విప్పే ప్రదర్శనలకు నేను మోసుకెళ్ళే సంచిలో ఒక మీటరు ఉండేది. దాన్ని ప్లగ్గులో పెడితే మామూలు వేళల్లోనే నూట ఎనభై చూపించేది. ఉండవలసింది రెండువందల ముప్పై. ఊరి చుట్టూ బోరు మోటర్లు. రాష్ట్రం వచ్చాక కొన్నేళ్ళకు వ్యవసాయానికి రోజంతా కరెంటు ఇస్తున్నారు. మంచిదే, కానీ మా వీధి చివరి స్తంభానికి వచ్చేసరికి తీగలో మిగిలేది అంతే. అందుకే అక్షరాలు చెరిగిపోతున్నాయని తర్వాత అర్థమైంది. ఇక ఆ టైములకు మీటరు నూట ముప్పైకి జారి, కొద్దిసేపు అక్కడే ఊగి, మళ్ళీ పైకి వచ్చేది. బోరు మోటర్ల వల్లనే అని నేనన్నాను. మోటర్లు వారాన్ని బట్టి టైము మార్చుకుంటయా అని ఆమె అడిగింది. మోటర్లు పంచాంగం చూడవు కదా అని ఒప్పుకున్నాను. ఆ మాట తర్వాత చాలాసార్లు గుర్తుకొచ్చి నవ్వుకున్నాను.

తర్వాతి వారం గురువారం సాయంత్రం ఆమె దేవరకొండ పోయి ఒక యూపీఎస్ కొనుక్కొచ్చింది. దాని వెనక ప్లగ్గులు చూసి, షాపులో అన్నిటికన్నా విలువైనది ప్రింటరే గనక దాన్నే ముందు అందులో పెట్టింది. తర్వాత కంప్యూటరు పెట్టింది. శుక్రవారం మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. సరిగ్గా పన్నెండింటికి వోల్టేజీ పడింది, యూపీఎస్ బ్యాటరీ మీదికి మారింది, మారీ మారగానే ఒకటే మోత మోగి మొత్తం ఆగిపోయింది. ప్రింటరుతో పాటు కంప్యూటరూ పోయింది. పొద్దుటి నుంచి టైపు చేసి ఇంకా సేవ్ చేయని లెక్కల పేపరు పోయింది. అత్తమ్మ గోడకున్న దేవుడి పటం వైపు చూసి, మెల్లగా కోడలి వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి నాకు ఏ వాదం కన్నా బరువుగా అనిపించింది.

ప్రింటర్లు బాగుచేసే మెకానిక్కు నల్లగొండ నుంచి వచ్చాడు. నాకూ ఆమెకూ కలిపి పాఠం చెప్పాడు. లేజర్ ప్రింటరు కాగితం మీద పొడిని చల్లుతుంది. ఆ పొడి అంటుకోవాలంటే కరగాలి. కరగాలంటే లోపల వేడి రోలరు ఉండాలి. అంటే ఇస్త్రీపెట్టె లాంటిదన్నమాట. ఆ ఇస్త్రీపెట్టె వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు గుంజుతుంది. చిన్న యూపీఎస్ బ్యాటరీ అంత బరువు మోయలేదు, మొత్తం వదిలేస్తుంది. ఇంకు చల్లే చిన్న ప్రింటరైతే పెట్టుకోవచ్చు, దానికి వేడి అక్కర్లేదు. దీన్ని బ్యాటరీ మీద నడపాలంటే ఈ గదికి సరిపడనంత పెద్ద యూపీఎస్ కావాలి.

"కంప్యూటరు ఒక్కటే యూపీఎస్ల పెట్టు అక్కా. ప్రింటరుకు స్టెబిలైజరు తెచ్చుకో, పెద్దది. లోపలి పొయ్యి ఎంత గుంజుతదో అంతకన్న ఎక్కువ మోసేది. కరెంటు తక్కువున్నప్పుడు అది ఎక్కిచ్చి ఇస్తది. కరెంటే పోతే మాత్రం అది గూడ ఏం జెయ్యలేదు" అన్నాడు.

స్టెబిలైజరు వచ్చింది. వోల్టేజీ తగ్గినప్పుడల్లా లోపల టక్కుమని ఒక చప్పుడు, దాని వెనక ప్రింటరుకు అందేది రెండువందల పైకి. వేడి రోలరుకు కావలసిన వేడి అందింది. అక్షరాలు కాగితాన్ని అంటిపెట్టుకున్నాయి. ఆమె మొదటి కాగితాన్ని రుద్ది రుద్ది చూసి, నా వేలు పట్టుకుని దానితో కూడా రుద్దించింది. రాలేదు. అప్పటికి సగం గెలిచాం.

మిగతా సగం అట్లాగే ఉంది. నూట నలభై కన్నా కిందికి పడితే స్టెబిలైజరు కూడా చేతులెత్తేస్తుంది. దానికీ ఒక అడుగు మట్టం ఉంటుంది, అంతకు దిగువ నుంచి ఎత్తలేదు. ఆ రాహుకాలం తన్ను దాని మట్టం కన్నా కిందికే పడుతోంది. సోమవారం తొమ్మిదికి షాపు తెరవగానే పడింది. మంగళవారం నాలుగున్నరకు పడింది. వార్షిక పరీక్షల పేపర్లు చేతికి వచ్చాయి. ఒక్కో తరగతికి ఎన్నో కట్టలు. మధ్యలో ఒక్కసారి కూలబడితే ఏ కట్టలో ఎన్నో పేజీ పోయిందో వెతకడానికే పూట పడుతుంది, వెతికినా ఒక పేజీ తప్పిపోయి ఎవరో ఒక పిల్లకు సగం పేపరు అందితే ఆ బడి మళ్ళీ ఈ గుమ్మం తొక్కదు.

ఆ గురువారం నేను షాపులోనే ఉన్నాను. మూడింటికి మామూలుగానే పడింది. అరగంట దాటినా ఆమె ఇంకా పాడైన కాగితాలు ఏరుతూనే ఉంది. అప్పుడే అత్తమ్మ నెత్తిమీద పిండి డబ్బాతో రుసరుసలాడుతూ లోపలికి వచ్చింది. ఊరి అవతలి చివర ఉన్న పిండి గిర్నికి జొన్నలు పట్టించడానికి పోయిందట. ఒంటిగంటన్నరకే పోయిందట.

"పొద్దుగూకులు కూసోబెట్టిండమ్మా, గిర్నాయన. రాహుకాలంల గింజ పొయ్యడంట. గింత జొన్నకు గంతసేపా? గిప్పుడు రాహుకాలం పోయినంక మోటరేసిండు" అంది, డబ్బా దించుతూ. పిండి ఇంకా వెచ్చగా ఉంది. మూత తీస్తే ఆవిరి వాసన వచ్చింది.

ఆమె చేతిలో కాగితం అట్లాగే ఉండిపోయింది. నేను అత్తమ్మ వైపు చూశాను. మళ్ళీ ఒక్కసారి చెప్పమన్నాను. ఆవిడ నేను ఎగతాళి చేస్తున్నానేమోనని గుర్రుగా చూసి, మళ్ళీ చెప్పింది. ఆయనకు అదొక పట్టింపట. పొద్దున షాపులు తెరవకముందే మోటరు వేస్తాడు, రాహుకాలం రాగానే ఆపేస్తాడు, ఇంటికి పోయి తిని కాసేపు నడుం వాలుస్తాడు, అది దాటిన నిమిషానికి వచ్చి అగరుబత్తి ముట్టించి మోటరు వేస్తాడు. రోజును బట్టి టైము మారుతుంది. చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ తెలుసు, ఆ లెక్క చూసుకునే డబ్బాలు మోసుకుపోతారు. గిర్ని మెట్టు ఎప్పుడూ ఎక్కని నాకే తెలియదు.

మూడోది దొరికింది. వోల్టేజీని పడగొట్టేది రాహువు కాదు. గిర్నిలోని పది హార్స్‌పవర్ మోటరు. బరువైన పట్టీని, రాయిని కదిలించడానికి మొదలయ్యేటప్పుడు మామూలుగా తినే దానికి ఎన్నో రెట్లు కరెంటు మింగుతుంది. ఆ కొన్ని క్షణాలు అదే తీగ మీద ఉన్న మాకందరికీ మిగిలేది పీక్కుతినే కరువు. వేగం అందుకున్నాక తేరుకుంటుంది. ఇది ఏ ఊళ్ళోనైనా జరిగేదే. మా ఊళ్ళో మాత్రం మోటరు పంచాంగం చూసి మొదలవుతుంది.

ఆమె మొదట నవ్వింది. ఎంత నవ్విందంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. తర్వాత అత్తమ్మ దగ్గరికి మెల్లగా పోయి, పిండి అంటిన ఆవిడ చేతులు పట్టుకుంది.

"అత్తమ్మా, మా బాపు నా కాళ్ళను జూసి ఏ దేవతకు కోపమొచ్చిందో అని ఎన్ని గుళ్ళు దిరిగిండో నీకెరికె గదా. ఎవరో ఒకాయన వచ్చి సీసల నీళ్ళు పట్టుకపోయి సూసినంక తెలిసింది, నీళ్ళల్ల ఉందని. గిది గూడ గంతే. తీగల ఉంది."

అత్తమ్మ పిండి డబ్బా మీద మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. గది వదిలేద్దామన్న మాట మాత్రం ఆ తర్వాత ఆవిడ నోట నేను వినలేదు.

అయినా పరీక్షించకుండా నమ్మితే నేను నేనెందుకవుతాను. మరుసటి రోజు శుక్రవారం పన్నెండుకు ముందే గిర్ని దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆమె షాపులో మీటరు పట్టుకుని కూర్చుంది, ఇద్దరి మధ్యా ఫోను. గిర్నాయన వచ్చాడు. పెద్ద మీసాలు, వాటి మీద పిండి. నన్ను చూసి గుర్తుపట్టాడు. గుర్తుపట్టిన తీరు అంత బాగా లేదు. ఏం పట్టించుకోవడానికి వచ్చినవు సారూ, చేతిల సంచి లేదు అన్నాడు. ఊరికే చూడటానికి అన్నాను. అగరుబత్తి ముట్టించాడు, మోటరుకు దండం పెట్టాడు, స్విచ్చు వేశాడు. మోటరు గట్టిగా మూలిగింది, గిర్ని గదిలోని బల్బు మినుకుమంది.

చెవి దగ్గర ఆమె గొంతు. "పడ్డది సారూ. పడ్డది."

ఉన్నదున్నట్టు ఆయనకు చెప్పాను. మీ మోటరు మొదలయ్యే క్షణం ఆ షాపులో ప్రింటరు చచ్చిపోతోంది అని. ఆయన ముఖం మారింది.

"అంటే ఏమంటవు సారూ? రాహుకాలంల గిర్ని నడపమంటవా? నీ కరపత్రం నేను గూడ సదివిన. నా గిర్ని మీద పడ్డవా ఇప్పుడు?"

నా నోటి దాకా వచ్చింది. రాహువనే గ్రహమే లేదని, అది గ్రహణాల లెక్క కోసం ఊహించిన బిందువని, రోజును ఎనిమిది ముక్కలు చేసి ఒకదాన్ని అశుభమన్నవాడెవడో చెప్పమని. ఇరవై ఏళ్ళుగా ఏ వేదిక మీదనైనా అనర్గళంగా చెప్పినదే. ఎదురుగా వినేందుకు డబ్బాలు పట్టుకుని పదిమంది ఆడవాళ్ళు కూడా ఉన్నారు. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది.

"సారూ, గాయనతోని వాదం వెట్టుకోకుండ్రి" అంది ఆమె. "మోటరు ఎప్పుడేస్తడో జర ముందుగాల్ల చెప్తే సాలు. నేను ప్రింటు ఆపుకుంట."

నేను జీవితంలో మింగిన వాదాలు చాలా తక్కువ. అది ఒకటి. ఫోను ఆయనకే ఇచ్చేశాను. ఆమె ఏం చెప్పిందో నాకు వినబడలేదు, గిర్ని హోరు అట్లా ఉంది. ఆయన చాలాసేపు విన్నాడు. బడి పేపర్లా, ఏ బడి, అని ఒకసారి అడిగాడు. మా చిన్నదానికి కూడా అదే బడి గదా అన్నాడు. మీసం మీది పిండి తుడుచుకున్నాడు.

"చెల్లె, మోటరేసే ముందుగాల్ల నీకు మిస్డ్ కాల్ ఇస్త. ఎత్తకు, నా పైసలు పోతయి" అన్నాడు. ఫోను నాకిస్తూ, "నీకు ఇయ్య సారూ, నువ్వు ఎత్తి వాదం వెడ్తవు" అన్నాడు. డబ్బాల ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ తర్వాతి వారమంతా ఆమె బల్లమీద ఫోను ఎదురుగా పెట్టుకుని పని చేసింది. రాహుకాలం ముగిసే వేళకు ఫోను రెండు మోతలు మోగి ఆగిపోయేది. ఆమె నడుస్తున్న పేజీ బయటికి వచ్చేదాకా చూసి, తర్వాతిది లోపలికి పోకముందే ఆపేసేది. దీపాలు మసకబారేవి, తేరుకునేవి, స్టెబిలైజరు టక్కుమనేది, కంప్యూటరు యూపీఎస్ మీద నిశ్చింతగా ఉండేది. ప్రింటరు కాసేపు తన వేడి తాను కూడదీసుకునేది. మళ్ళీ మొదలు. ఒకరోజు కరెంటే మొత్తం పోయి వచ్చింది. వచ్చిన వెంటనే ప్రింటరు వేయలేదు. కొత్తగా వచ్చిన కరెంటు కొంతసేపు ఎగిరిపడుతుంది, కుదురుకున్నాక వేసింది.

అన్ని తరగతుల కట్టలూ చెప్పిన రోజుకు తయారయ్యాయి. హెడ్మాస్టరు వచ్చి ఒక్కో కట్టలోంచి ఒక కాగితం లాగి, బొటనవేలు తడి చేసుకుని, గట్టిగా రుద్ది చూశాడు. అట్లా రుద్దడం ఆ వారం ఆ షాపులో దండం పెట్టుకున్నంత మామూలైపోయింది. వేలు శుభ్రంగా ఉంది. వచ్చే సంవత్సరం నెల పరీక్షలు కూడా ఇక్కడే అన్నాడు. ఆయన వెళ్ళాక ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. అత్తమ్మ గిన్నె మూత తీసింది. జొన్నరొట్టె, ఎర్రకారం. ఆ రాహుకాలపు పిండిదే.

దేవుడు లేడనేవాడికి కృతజ్ఞత ఉండదని కొందరనుకుంటారు. వాళ్ళు తప్పు. నమ్మేవాళ్ళు అన్నింటికీ కలిపి ఒకచోట దండం పెట్టి వచ్చేస్తారు. మాలాంటివాళ్ళం ఒక్కొక్కరి గుమ్మానికీ పోయి చెప్పుకోవాలి. నేను ఇప్పటికీ చెప్పుకుంటున్నాను. సీసాలో నీళ్ళు పట్టుకుపోయి పరీక్షించిన ఆ ముఖం తెలియని మనిషికి. ఇప్పుడు ఇంటింటికీ పైపుల్లో నదినీళ్ళు వస్తున్నాయి, షాపు నడిపే ఆమె కూతురి కాళ్ళు నిటారుగా ఉన్నాయి. దోషమని నమ్మీ, చూసింది చూసినట్టు తప్పకుండా చెప్పిన అత్తమ్మకు. మనుషులు కలిసినవే గుర్తుంచుకుంటారని నేను నవ్విన రోజు ఆవిడ చెప్పిన టైముల్లో ఒక్కటి కూడా అబద్ధం కాలేదు. ఆవిడ కారణం తప్పు, ఆవిడ సాక్ష్యం ఒప్పు. సాక్ష్యం లేకపోతే నా తర్కం దేన్ని పట్టుకుని నిలబడేది?

గిర్నాయనకు మరీ ఎక్కువ రుణపడ్డాను. ఆయన నాలాగా ఏ వేళలోనైనా మోటరు వేసేవాడై ఉంటే ఆ కుదుపులు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేవి, బోరు మోటర్ల మీద నెట్టేసి ఊరుకునేవాళ్ళం, షాపు మూతబడేది. ఆయన నిష్ఠ వల్లనే దానికొక వరస వచ్చింది, వరస ఉంది గనకే పట్టుబడింది. ఈ సంగతి ఒకసారి ఆయనకే చెప్పాను. గట్లయితే రాహుకాలానికి గూడ ఒక కరపత్రం రాయి సారూ, మంచిగ అన్నాడు. రాయనన్నాను. రాయకుంటే ఏం, పిండి మాత్రం నా దగ్గరనే పట్టించు అన్నాడు. పట్టిస్తున్నాను.

ఆ తర్వాత లైన్‌మన్ వచ్చి తీగలు సరిచేశాడు. గిర్నికి మెల్లగా మొదలయ్యే కొత్త స్టార్టరు వచ్చింది. కుదుపు మునుపటంత లేదు. స్టెబిలైజరే దాన్ని ఎత్తి అందిస్తుంది. మిస్డ్ కాల్ అవసరం తీరిపోయింది.

అయినా వస్తూనే ఉంది. మొన్న గురువారం నా కొత్త కరపత్రం కొట్టించడానికి వెళ్ళాను. విషయం అదే, రాహుకాలం. సగం కాగితాలు బయటికి వచ్చాక ఆమె ఫోను రెండుసార్లు మోగి ఆగింది. ఆమె ఎత్తలేదు, పేరు కూడా చూడలేదు. చెయ్యి చాచి ప్రింటరు ఆపింది.

అవసరం లేదు కదా అన్నాను.

"అవసరం లేదు సారూ. ఆయన ఇస్తాండు గదా" అంది.

దీపం కొద్దిగా కూడా మసకబారలేదు. ఊరి అవతల గిర్ని మొదలయ్యే ఉంటుంది. ఇద్దరం ఆ కాసేపు ఊరికే కూర్చున్నాం. తర్వాత ఆమె నా కరపత్రాన్ని మళ్ళీ మొదలుపెట్టింది.